ఆరు నెలల అకౌంట్స్ కోర్సా, బీకామా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ పాసైంది. విజయవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల ట్యాలీ, జీఎస్టీ కోర్సుకు 45 వేలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. డిగ్రీ లేకపోతే ఎలా అని మా ఆవిడ. చీటీ పాడి కట్టేయమంటారా?

జవాబు: చీటీ మాత్రం పాడకండి. లక్ష చీటీని 25 వేల తగ్గింపుకు పాడితే చేతికొచ్చేది 75 వేలే, వాయిదాలు మాత్రం ఆఖరి నెల దాకా కట్టాలి. కోర్సు ఫీజు మీద ఆ నష్టం కూడా పడుతుంది.

ఇక అసలు లెక్క. కోర్సు అయ్యాక నెలకు 10 వేల జీతం దొరికిందనుకుందాం. తోటి పిల్లలు మూడేళ్ల బీకామ్ పూర్తిచేసేలోపు మీ అమ్మాయికి 30 నెలల జీతం, అంటే 3 లక్షలు వస్తాయి. ఫీజు తీసేస్తే 2.55 లక్షలు. విజయవాడకు రోజూ తిరిగే ఖర్చు పోయినా అప్పటికి కోర్సుదే పైచేయి. తేడా వచ్చేది నాలుగో ఏటి నుంచి. బ్యాంకు క్లర్కు పరీక్ష, గ్రూప్-2, ఎస్ఎస్‌సీ సీజీఎల్, వీటన్నిటికీ డిగ్రీ అడుగుతారు. బీకామ్‌లో 55 శాతం వస్తే ఫౌండేషన్ పరీక్ష లేకుండానే సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. ట్యాలీ సర్టిఫికెట్ ఎంత బాగున్నా ఈ దారులు తెరుచుకోవు.

అలాగని బీకామ్ పట్టా ఒక్కటే చూసి ఆడిటర్ ఆఫీసులో కుర్చీ వేయరు. అక్కడ కావాల్సింది బిల్లులు ఎంట్రీ వేయడం, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడటం, కొనుగోళ్లను, అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో తయారయ్యే జీఎస్‌టీఆర్-2బీ పట్టీతో పోల్చి తేడాలు పట్టుకోవడం.

అందుకే నేనైతే గుంటూరులోనే కన్వీనర్ కోటాలో బీకామ్ చేర్పించి, రెండో ఏడు సెలవుల్లో ఇంటి దగ్గర ట్యాలీ నేర్పిస్తాను. మీ ఆదాయం పరిమితిలో ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. ఆ డబ్బు ఆలస్యమైతే ముందు మీరే కట్టమంటారు, కొంత పక్కన పెట్టుకోండి. ఇంటికి ఇప్పుడే జీతం అవసరమైతే ఉద్యోగంలో చేర్పించి, ఇగ్నో దూరవిద్యలో బీకామ్ కట్టించండి. విజయవాడలో వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది. యూజీసీ గుర్తింపున్న దూరవిద్య డిగ్రీతోనూ ఆ పరీక్షలు రాయొచ్చు. కాకపోతే రిటర్నుల గడువు దగ్గరపడే రోజుల్లో ఆఫీసులో రాత్రి దాకా పని ఉంటుంది. చదువు కుంటుపడేది అక్కడే.

ఎలాగైనా ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే చేర్పించాలనుకుంటే, గత బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ముగ్గురితో మాట్లాడించమనండి. 'గ్యారంటీ'ని కాగితం మీద అడగండి. చాలా చోట్ల అది ఇంటర్వ్యూకి పంపడం దగ్గరే ఆగిపోతుంది. ఈఎంఐ అంటే ఇంకా జాగ్రత్త. అది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వాయిదా కాదు, సాధారణంగా ఫైనాన్స్ కంపెనీ మీ పేరున ఇచ్చే అప్పు. పాప రెండో నెలలో మానేసినా ఆ అప్పు మీరు తీర్చాల్సిందే.