పాత పల్సర్‌కి డబ్బా మీద ఏ నంబరు చూసి ఆయిల్ కొనాలి?

"కావలిలో ఉంటాం. 2008 పల్సర్ 150. కొట్టులో 10W-30, 20W-50 రెండూ ఉన్నాయి. ఏ కంపెనీది, ఏది పోయాలి?"

మీ బండికి 20W-50. W ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. కావలిలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా ఆ ఇబ్బంది రాదు. మనకు ముఖ్యం రెండో అంకె. ఇంజను బాగా వేడెక్కినప్పుడు, అంటే 100 డిగ్రీల దగ్గర, ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో అదే చెబుతుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో, అరిగిన ఇంజనులో 30 మరీ పల్చనైపోయి చప్పుడు పెరుగుతుంది. అలాగని 10W-30 చెడ్డదేం కాదు, దానికోసమే తయారైన బళ్లకు అదే సరైనది.

కంపెనీ కన్నా ముందు డబ్బా వెనక బైకు ఆయిళ్లకు వేసే JASO MA లేదా MA2 గుర్తు ఉందో లేదో చూడండి. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. MB రకంగానీ, జారుడు ఎక్కువుండే కారు ఆయిల్‌గానీ పోస్తే క్లచ్ జారుతుంది: యాక్సిలరేటర్ తిప్పితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం అందుకోదు. 20W-50, ఈ JASO గుర్తు రెండూ సరిపోతే పేరున్న ఏ కంపెనీదైనా ఫర్వాలేదు, నకిలీ కాకుండా సీలు చూసుకోండి.

సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంటే మాత్రం చిక్కటి ఆయిల్ దాన్ని కొన్నాళ్లు దాస్తుందంతే. రింగులో, వాల్వు సీళ్లో మార్చాల్సిందే.