ముందస్తు నిర్బంధం: చదవలేని భాషలో కారణాలు ఇస్తే

ప్రశ్న: సార్, నేను చెన్నైలో లా మూడో సంవత్సరం చదువుతున్నాను. మా మూట్ సమస్యలో, తడ నుంచి వచ్చి చెన్నైలో పనిచేస్తున్న ఒకతన్ని తమిళనాడు గూండా చట్టం కింద నిర్బంధించారు. అతనికి తెలుగు తప్ప వేరే భాష చదవడం రాదు. ఉత్తర్వు, కారణాలు, జత చేసిన పత్రాలు అన్నీ ఇంగ్లీషులో, తమిళంలో ఇచ్చారు. ఇన్‌స్పెక్టర్ తెలుగులో వివరించి సంతకం తీసుకున్నాడు. అడ్వైజరీ బోర్డు కూడా సరేనంది. ఇక హైకోర్టులో వాదించడానికి ఏం మిగిలింది?

జవాబు: అసలు వాదనే మిగిలింది. బోర్డు చూసేదీ కోర్టు చూసేదీ ఒకటి కాదు. నిర్బంధానికి తగినంత కారణం ఉందా లేదా అన్నది బోర్డు చెబుతుంది. రాజ్యాంగం చెప్పిన పద్ధతి ప్రకారం నిర్బంధించారా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. బోర్డు 'కారణం లేదు' అంటే ప్రభుత్వం విడుదల చేసి తీరాలి. 'ఉంది' అంటే మాత్రం 226వ అధికరణ కింద హెబియస్ కార్పస్ దారి మూసుకుపోదు.

మీ వాదన రాజ్యాంగం 22(5) అధికరణ నుంచి మొదలవ్వాలి. అందులో రెండు బాధ్యతలున్నాయి: కారణాలు తెలియజేయడం, వాటిపై వినతిపత్రం ఇచ్చుకోవడానికి వీలైనంత త్వరగా అవకాశం ఇవ్వడం. మొదటిది రెండోదాని కోసమే. కాగితం చేతిలో ఉన్నా అందులో ఏముందో చదువుకోలేని మనిషి దేనికని జవాబు రాస్తాడు? అందుకే 1962లో హరికిషన్ కేసులో, ఇంగ్లీషు రాని వ్యక్తికి ఇంగ్లీషు కారణాలిచ్చి పోలీసు అధికారి నోటితో అనువదించి చెప్పడం చాలదని సుప్రీంకోర్టు తేల్చింది. 1981లో లల్లూభాయ్ జోగీభాయ్ పటేల్ కేసు మీ సమస్యకు ఇంకా దగ్గర. అక్కడ నిర్బంధితుడికి గుజరాతీ తెలుసు, కారణాలు ఇంగ్లీషులో ఉన్నాయి, తానే గుజరాతీలో వివరించానని పోలీసు ఇన్‌స్పెక్టర్ అఫిడవిట్ వేశాడు. రాతపూర్వక అనువాదం ఇవ్వలేదు కాబట్టి కారణాలు తెలియజేసినట్టు కాదని కోర్టు అంది. మీ ఇన్‌స్పెక్టర్ తీసుకున్న సంతకం కాగితం అందిందని రుజువు చేస్తుంది, అంతకుమించి ఏమీ చెప్పదు.

ఇప్పుడు తేదీలు వేసి చూడండి. ఉత్తర్వు మార్చి 3న ఇచ్చి, అదే రోజు పుళల్ జైల్లో అందజేశారనుకుందాం. గూండా చట్టంగా పిలిచే తమిళనాడు 1982 చట్టం 8వ సెక్షన్ ప్రకారం నిర్బంధించిన నాటి నుంచి 5 రోజుల్లో కారణాలు చేరాలి, అంటే మార్చి 8 గడువు. ఉత్తర్వు ఇచ్చిన నాటి నుంచి 12 రోజుల్లో, మార్చి 15 లోపు, రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించకపోతే ఆ ఉత్తర్వు నిలవదు. ఈ ఒక్క లెక్కే ఉత్తర్వు తేదీ నుంచి, మిగతావన్నీ నిర్బంధ తేదీ నుంచి. ఈ రెండూ వేరు వేరు రోజులైనప్పుడు విద్యార్థులు తరచూ ఇక్కడే తప్పుతారు. బోర్డు ముందుకు ఫైలు 3 వారాల్లో, అంటే మార్చి 24కి వెళ్లాలి. బోర్డు నివేదిక 7 వారాల్లో, ఏప్రిల్ 21కి రావాలి. గరిష్ఠ నిర్బంధం 12 నెలలు.

ఈ మధ్యలో పొరపాటు గ్రహించి మార్చి 19న తెలుగు అనువాదం ఇచ్చారనుకోండి. అప్పుడూ నిర్బంధం నిలబడదనే వాదించాలి. హదీబంధు దాస్ కేసులో 14 టైపు పేజీల ఇంగ్లీషు ఉత్తర్వుకు ఒరియా అనువాదాన్ని నెల దాటాక ఇచ్చారు. చట్టం పెట్టిన 5 రోజుల గడువు తర్వాత ఇచ్చిన అనువాదం మొదటి లోపాన్ని పూడ్చదని సుప్రీంకోర్టు చెప్పింది.

కారణాల పత్రంతోనే ఆగకండి. చెన్నైలో బుక్‌లెట్ అని పిలిచే పత్రాల కట్టను పేజీ పేజీ చూడాలి. కారణాల్లో ఆధారంగా తీసుకున్న పత్రాలు కూడా కారణాల్లో భాగమే. పొవనమ్మాళ్ కేసు (1999) ఇదే తమిళనాడు చట్టం కింద వచ్చింది. తమిళం మాత్రమే తెలిసిన నిర్బంధితురాలికి రిమాండుకు సంబంధించిన ఇంగ్లీషు పత్రానికి తమిళ అనువాదం ఇవ్వలేదు. ఆ ఒక్క లోపంతోనే నిర్బంధం రద్దయింది. కోర్టు అక్కడ ఒక గీత గీసింది. అధికారి నిర్ణయానికి ఆధారమైన పత్రం ఇవ్వకపోతే నష్టం జరిగిందని విడిగా చూపనక్కర్లేదు. కథనంలో మాటవరసకు ప్రస్తావించిన పత్రమైతే, అది లేక వినతికి ఎలా దెబ్బ తగిలిందో చూపాలి. కాబట్టి మీ పిటిషన్‌లో 'పత్రాలు ఇవ్వలేదు' అని గంపగుత్తగా రాయొద్దు. ఫలానా పేజీలోని రిమాండు ఉత్తర్వు, కారణాల్లో ఫలానా పేరాలో దాన్నే ఆధారం చేసుకున్నారు, దానికి తెలుగు ప్రతి లేదు అని రాయండి. ఉత్తర్వు నాటికే అతను రిమాండులో ఉంటే, బెయిలుపై బయటికొస్తాడని అధికారి దేన్నిబట్టి నమ్మాడో కూడా ఆ పేజీల్లోనే వెతకాలి. రేఖ కేసులో (2011) తమిళనాడు నిర్బంధం పోయింది ఇక్కడే. ఇలాంటి కేసుల్లో బెయిలు ఇస్తున్నారని రాశారు గానీ, ఏ కేసు, ఏ కోర్టు, ఏ తేదీ అన్నది చెప్పలేదు.

ఎదుటి పక్షం ఏమంటుందో ముందే ఊహించండి. చెన్నైలో ఏళ్లుగా ఉన్నాడు, తమిళం వచ్చు అంటారు. మాట్లాడటం వేరు, చదవడం వేరు. తెలుగు మీడియం స్కూలు సర్టిఫికెట్, అరెస్టు నాటి కాగితాలపై తెలుగు సంతకం లాంటివి జత చేయండి. అయితే ఈ వాదన అబద్ధమైతే కోర్టు కనిపెడుతుంది. ప్రకాశ్ చంద్ర మెహతా కేసులో (1985) భాష రానట్టు నటిస్తున్నారని తేల్చి నిర్బంధాన్ని నిలబెట్టారు.

వినతిపత్రం గురించి ఒక మాట. నిర్బంధ అధికారికి, ప్రభుత్వానికి విడివిడిగా పంపాలి. ప్రభుత్వం ఆమోదించే వరకు అధికారికి కూడా వినతి ఇచ్చుకోవచ్చని చెప్పకపోవడమే నిర్బంధాన్ని చెల్లకుండా చేస్తుందని సంతోష్ శంకర్ ఆచార్య కేసులో (2000) మహారాష్ట్ర చట్టంపై తీర్పుంది. వినతిని ప్రభుత్వం బోర్డు కోసం ఆగకుండా తానే పరిశీలించాలి. ఆలస్యమైతే ప్రతి దశకూ సంజాయిషీ ఇవ్వాలి. రాజమ్మాళ్ కేసులో (1999) ఫైలు మంత్రి దగ్గర 5 రోజులు ఉంది. పర్యటనలో ఉన్నారన్న జవాబు చాలక తమిళనాడు ప్రభుత్వం ఓడిపోయింది. ఫైలు ఎప్పుడు ఎవరి బల్ల మీద ఉందో ప్రభుత్వ కౌంటర్ అఫిడవిట్‌లో తేదీలుంటాయి. వాటిని పట్టికగా రాసుకుంటే ఖాళీలు కనబడతాయి.

బోర్డు ముందు లాయరు హక్కు లేదు. కానీ ప్రభుత్వం తరఫున న్యాయ సలహాదారుడు హాజరైతే నిర్బంధితుడికీ లాయరును అనుమతించాలని, లాయరు కాని మిత్రుడి సాయం తీసుకోవచ్చని ఎ.కె. రాయ్ తీర్పు (1982) చెబుతోంది. 2024లో నేనావత్ బుజ్జి కేసులో, బోర్డు ముద్ర వేసి ఊరుకోకూడదని, ఉత్తర్వు చట్టరీత్యా నిలుస్తుందా అని కూడా చూడాలని సుప్రీంకోర్టు అంది. కాబట్టి తెలుగు ప్రతి లేదన్న అభ్యంతరాన్ని బోర్డు దగ్గరే రాతపూర్వకంగా పెట్టడం మంచిది. అక్కడ పెట్టలేదని హైకోర్టులో దాన్ని వదులుకోనవసరం లేదు.

మీరు గెలిస్తే రద్దయ్యేది నిర్బంధ ఉత్తర్వు మాత్రమే. మామూలు క్రిమినల్ కేసులో రిమాండు ఉంటే అతను జైల్లోనే ఉంటాడు, దానికి బెయిలు వేరుగా తెచ్చుకోవాలి. రద్దయిన ఉత్తర్వులోని పాత కారణాలతో మళ్లీ కొత్త ఉత్తర్వు ఇవ్వడం కుదరదు, కొత్త సంఘటనలు ఉండాలి.