అమ్మ టికెట్ గురించి

నాన్నా చిన్నా,

హైదరాబాద్ నుంచి లండన్‌కి నాన్‌స్టాప్ అయితే 18 వేలు ఎక్కువ, గల్ఫ్‌లో మారేదైతే తక్కువ, ఏది తీయమంటావు పిన్నీ అని అడిగావు. నాన్‌స్టాప్ తీసెయ్. అక్క ఒక్కతే వస్తోంది కాబట్టే ఈ మాట. నువ్వో కోడలో పక్కన ఉంటే ఆ 18 వేలు మిగుల్చుకోమనేదాన్ని.

నువ్వు పంపిన వన్ స్టాప్‌లో మధ్య గ్యాప్ 1 గంట 40 నిమిషాలు. 6 గంటలకి దిగి 7:40కి రెండోది ఎక్కాలి. గేటు 20 నిమిషాల ముందే మూసేస్తారు, అంటే 7:20. వీల్‌చెయిర్ వాళ్లని అందరూ దిగాక చివర్లో దింపుతారు, అరగంట అక్కడే పోతుంది. మిగిలిన 50 నిమిషాల్లో మళ్లీ సెక్యూరిటీ, గేటు వెతుక్కోవడం. మొదటి విమానం కాస్త ఆలస్యమైతే అంతే సంగతులు.

పోనీ గ్యాప్ ఎక్కువుంటే సుఖమా అంటే, మీ బాబాయ్‌కి 5 గంటలది తీసి తెలుసుకున్నాను. వీల్‌చెయిర్ తోసే అబ్బాయి ఆయన్ని ఓ కుర్చీల వరసలో కూర్చోబెట్టి, కుర్చీ తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చేవరకు ఈయన కదల్లేదు. బాత్రూమ్‌కి ఎవరిని అడగాలో తెలియక అసలు నీళ్లే తాగలేదట! ఇంటికొచ్చాక చూస్తే, నింపుకోమని నేనిచ్చిన ఖాళీ సీసా మూత కూడా తీయలేదు. షుగర్ మాత్ర టైమూ తప్పింది. విమానంలో కూర్చున్న గంటల కంటే ఆ మధ్యలో గంటలే మనిషిని పీల్చేశాయి.

నాన్‌స్టాప్‌కీ ఒక చిక్కుంది. పదిన్నర గంటలు ఒకే సీట్లో కూర్చుంటే కాళ్లు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే డబ్బు కట్టయినా సరే, బాత్రూమ్‌కి దగ్గరగా నడవా పక్క సీటు తీసుకో. గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు వేయమని అక్కకి చెప్పు. ఇదివరకు కాళ్లలో గడ్డలు కట్టి ఉంటే మాత్రం ముందు డాక్టర్ని అడగాలి.

బుక్ చేసేటప్పుడు 'డైరెక్ట్' అన్న మాట చూసి మోసపోకు. ఒకే ఫ్లైట్ నంబర్‌తో మధ్యలో దిగి మళ్లీ ఎగిరేదాన్ని కూడా అలాగే అంటారు. స్టాప్స్ సున్నా అని ఉందో లేదో చూసుకో.

వీల్‌చెయిర్‌కి విడిగా డబ్బు ఉండదు, కానీ కనీసం 48 గంటల ముందు చెప్పాలి. అక్క మోకాళ్లతో మెట్లు ఎక్కలేదు కాబట్టి WCHS అని పెట్టించు. WCHR అంటే మెట్లెక్కగలదని అర్థం. విమానాన్ని దూరంగా ఆపి మెట్లు వేశారంటే అక్కడ ఇబ్బంది పడుతుంది.

మాత్రలు, మందుల చీటీ చేతిసంచీలోనే ఉండేలా నేను సర్దుతాను. టికెట్ తీశాక కాపీ ఒకటి నాకూ పంపు.

మీ పిన్ని