మీటింగ్‌కు ముందు మింగే ఆ మాత్ర మీకు పనికిరాదు

‘‘డాక్టర్ గారూ, నా వయసు 36. గుంటూరులో మిరపకాయలు ఎగుమతి చేసే సంస్థలో నాణ్యత విభాగం చూస్తున్నాను. ప్రతి నెలా డైరెక్టర్ల ముందు నివేదిక వినిపించాలి. వాళ్లు మధ్యలోనే ఆపి నిలదీసి అడుగుతారు. ఆ ఊహకే రెండు రోజుల ముందునుంచి నిద్ర పట్టదు, గొంతు వణుకుతుంది, ఛాతీ బిగుసుకుంటుంది. చిన్నప్పటినుంచి కొంచెం ఆయాసం ఉంది కాబట్టి లోపలికి వెళ్లేముందు నీలం ఇన్‌హేలర్ రెండు మూడుసార్లు పీలుస్తాను. సహోద్యోగి ఇచ్చిన ప్రొప్రనలాల్ 40 మి.గ్రా. మాత్ర రెండు మీటింగులకు వేసుకున్నాను. మొదటిసారి బాగా పనిచేసింది. పోయిన నెల మాత్రం మాట్లాడుతుండగానే దగ్గు తెర వచ్చి ఆగిపోయాను. మోతాదు 80 చేసుకోవచ్చా?’’
– ఒక పాఠకుడు, గుంటూరు

చేసుకోకూడదు. 80 మాట అటుంచండి, ఆ 40 కూడా ఇక ముట్టుకోకండి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది డైరెక్టర్లు కాదు, ‘కొంచెం ఆయాసం’ అని మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతి. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనలాల్ ఇవ్వకూడదని వైద్యవిద్యార్థికి మొదట్లోనే నేర్పుతారు. మీ సహోద్యోగికి ఆ విషయం తెలిసే అవకాశం లేదు. మీరు అడిగి ఉండాల్సింది.

భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడేదీ, చేతులు వణికేదీ దానివల్లే. అదే అడ్రినలిన్ ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలను తెరిచి ఉంచే పని కూడా చేస్తుంది. ప్రొప్రనలాల్ గుండె దగ్గర మాత్రమే ఆగదు, గాలిగొట్టాల దగ్గర కూడా అడ్రినలిన్‌కు అడ్డుపడుతుంది. మామూలు మనిషికి దానివల్ల పెద్దగా తేడా తెలియదు. ఉబ్బసం ఉన్నవారికి గొట్టాలు ముడుచుకుపోతాయి. ఇక మీ నీలం ఇన్‌హేలర్‌లో ఉండేది బహుశా సాల్బుటమాల్. అది లోపలికి వెళ్లాల్సిన తలుపుకే ఈ మాత్ర గడియ పెడుతుంది. అంటే ఆయాసం తెచ్చే మందును మింగి, ఆ ఆయాసాన్ని తగ్గించే మందు పనిచేయకుండా కూడా మీరే చేసుకుంటున్నారు.

మొదటిసారి ఏమీ కాలేదు కదా అనుకోవద్దు. ఆ రోజు మీ గాలిగొట్టాలు కాస్త తెరిపిన ఉండి ఉంటాయి. జలుబు చేసినా, యార్డులో మిరప ఘాటు పీల్చినా, రాత్రి నిద్ర లేకపోయినా పరిస్థితి మారిపోతుంది. ఈ మాత్ర ప్రభావం సాధారణంగా వేసుకున్న గంట నుంచి నాలుగు గంటలలోపు ఎక్కువగా ఉంటుంది. పోయిన నెల మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో, దగ్గు ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకోండి. ఆ వ్యవధిలోనే వచ్చి ఉంటే నా అనుమానం బలపడుతుంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను.

ఇలాంటి ఒకరిని కొన్నేళ్ల కిందట నేనే చూశాను. ప్రైవేటు ఉద్యోగి, ముప్పై ఏళ్ల లోపు వయసు. ఉదయం పదింటికి మాత్ర వేసుకుని పదకొండున్నరకు పై అధికారుల ముందు నిలబడ్డాడు. పన్నెండు దాటాక దగ్గు. భయంవల్లే అనుకుని మంచినీళ్లు తాగి కొనసాగించాడు. మధ్యాహ్నానికి ఇన్‌హేలర్ పదిసార్లు కొట్టినా ఫలితం లేదు. మా దగ్గరికి వచ్చేసరికి కుర్చీ అంచున రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి కూర్చున్నాడు, పేరు అడిగితే రెండు విడతలుగా చెప్పాడు. సాల్బుటమాల్ ఒక్కటే చాలక, వేరే దారిలో పనిచేసే ఇప్రాట్రోపియం కూడా కలిపి నెబులైజర్ పెట్టాం, ఆక్సిజన్, స్టిరాయిడ్ ఇచ్చాం. మర్నాటికి తేరుకున్నాడు. అప్పటికి గానీ ‘ఒక చిన్న మాత్ర వేసుకున్నాను సార్’ అని చెప్పలేదు. ఆ మాట ముందే చెప్పి ఉంటే మాకు ఎంతో సమయం కలిసివచ్చేది.

భయంతో వచ్చే ఊపిరాడనితనానికీ, ఉబ్బసానికీ తేడా కొంతవరకు మీరే గుర్తుపట్టవచ్చు. భయంతో అయితే గబగబా ఊపిరి తీస్తారు, పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, మీటింగ్ అయ్యాక కాసేపటికి సర్దుకుంటుంది. ఉబ్బసమైతే ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి, దగ్గు వస్తుంది, తెల్లవారుజామున మెలకువ వస్తుంది. రెండూ కలిసి రావడమూ మామూలే, మీ విషయంలో అదే అనుకుంటున్నాను. ఒక వాక్యం ఆపకుండా చెప్పలేకపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, ఇన్‌హేలర్‌తో తగ్గకపోయినా అక్కడే కూర్చోకుండా 108కు ఫోన్ చేయండి. మాత్ర సంగతి వాళ్లకు ముందే చెప్పండి.

మరో విషయం మీరు గమనించినట్టు లేదు. సాల్బుటమాల్ పీలిస్తే చేతులు వణకడం, గుండె వేగం పెరగడం దాని మామూలు స్వభావం. లోపలికి వెళ్లేముందు మూడుసార్లు పీల్చి, ఆ వణుకును భయం అనుకుని, దాన్ని అణచడానికి మాత్ర వేసుకుంటున్నారేమో ఆలోచించండి. అసలు నీలం ఇన్‌హేలర్ ఒక్కదానితోనే ఉబ్బసాన్ని నెట్టుకురావడం సరికాదు. వాపును తగ్గించే స్టిరాయిడ్ ఇన్‌హేలర్ మీకు అవసరమా అన్నది ఊపిరితిత్తుల్లోంచి గాలి ఎంత వేగంగా బయటికి వస్తోందో కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేసి తేల్చాలి. ఇన్నేళ్లుగా ఆ పరీక్ష చేయించుకోకపోవడం మీ తప్పే అని చెప్పక తప్పదు.

ఇది చదివి రక్తపోటుకో, పార్శ్వపు నొప్పికో రోజూ ప్రొప్రనలాల్ వాడుతున్నవారు ఒక్కసారిగా మానేయవద్దు, ప్రమాదం. మీ డాక్టర్‌ను అడిగి నెమ్మదిగా తగ్గించాలి. పై పాఠకుడు రెండుసార్లే వేసుకున్నారు కాబట్టి ఆపేయడం వల్ల ఆయనకు ఇబ్బంది ఉండదు.

ఇక మీకు మరెవరో ఆందోళన తగ్గించే అల్‌ప్రజోలం మాత్ర ఇస్తామంటారు. వద్దు. అది మత్తును ఇస్తుంది, చురుకుదనాన్ని తగ్గిస్తుంది, జ్ఞాపకాన్ని మసకబారుస్తుంది. ఫలానా లాట్‌లో తేమ ఎందుకు పెరిగింది అని అడిగినప్పుడు మీకు కావలసింది ఆ జ్ఞాపకమే. అలవాటు పడే మందు కాబట్టే దాన్ని అమ్మకంపై గట్టి నిఘా ఉండే మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్1లో పెట్టారు, దుకాణంలో విడిగా పుస్తకంలో రాసుకుని గానీ అమ్మకూడదు.

భయం సంగతి. మనల్ని బేరీజు వేసే మనుషుల ముందు, మన చేతిలో లేని ప్రశ్నకు జవాబివ్వాల్సి రావడం శరీరానికి నిజంగానే గట్టి పరీక్ష. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో ఒత్తిడిని కొలవడానికి రూపొందించిన ప్రయోగంలో చేసేది ఇదే. ముఖంలో ఏ భావమూ చూపించని ముగ్గురి ముందు మాట్లాడించి, వెంటనే నోటిలెక్కలు చేయిస్తారు. ఆరోగ్యవంతుల్లోనూ ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. కాబట్టి వణుకు రావడం జబ్బు కాదు.

మీరు ఇంట్లో నివేదికను మళ్లీ మళ్లీ చదువుకుంటూ ఉండి ఉంటారు. మీకు భయం చదవడానికి కాదు, మధ్యలో ఆపడానికి. అలవాటు చేసుకోవాల్సింది అదే. మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టే ఐదు ప్రశ్నలు రాసి ఒక సహోద్యోగి చేతిలో పెట్టండి. మీరు నిలబడి మాట్లాడుతుంటే ఎక్కడపడితే అక్కడ ఆపి, కరుకుగా అడగమనండి. మొదటిరోజు గొంతు ఆరిపోతుంది. అక్కడే నిలబడి, ఊపిరి నెమ్మదిగా వదిలి, జవాబు పూర్తిచేయండి. తెలియని ప్రశ్నకు ‘ఆ అంకె నా దగ్గర లేదు, సాయంత్రానికి పంపిస్తాను’ అన్న మాటను కూడా పైకి పలికి అలవాటు చేసుకోండి. వారంలో మూడు నాలుగుసార్లు చేస్తే చాలామందికి దడ తగ్గుముఖం పడుతుంది. అప్పటికీ మీటింగులకు వెళ్లడమే మానేయాలనిపిస్తుంటే మానసిక వైద్యుణ్ని కలవండి, అందుకు తగిన చికిత్స ఉంది. సెలవు రోజున కూడా చేతులు వణుకుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

ఈ వారంలోనే ఛాతీ వైద్యుణ్ని కలవండి. వెళ్లేటప్పుడు ఇన్‌హేలర్, ఆ మాత్రల అట్ట రెండూ తీసుకెళ్లండి. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నారో ఆయన ముందు ఒకసారి చేసి చూపించండి, చాలామంది తప్పుగానే పీలుస్తారు. కొత్త మందు మొదలుపెడితే గాలిగొట్టాలు కుదుటపడడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈ నెల మీటింగ్‌కు అంతవరకు వ్యవధి లేకపోతే దగ్గు వస్తోందని పైవారికి ముందే చెప్పి, కూర్చుని మాట్లాడండి.