మిక్స్‌డ్ గ్రోత్ లక్ష, ఈ.కోలై 20 వేలు: రెండింటిలో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మకు 54 ఏళ్లు, వారం నుంచి యూరిన్‌కి వెళ్తే మంట, ఊరికే ఊరికే వెళ్లాల్సి వస్తోంది. మొదటి కల్చర్‌లో "లక్ష పైన, మిక్స్‌డ్ గ్రోత్, మళ్లీ శాంపిల్ పంపండి" అన్నారు. రెండోసారి "ఈ.కోలై 20 వేలు" అని వచ్చింది. కౌంట్ తగ్గింది కదా, ఇన్ఫెక్షన్ పోయినట్టేనా?

జవాబు:

అలా అనలేమండీ, ఆ రెండు అంకెలూ ఒకదానితో ఒకటి పోల్చేవి కావు. కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో చాలాకాలం కల్చర్ ప్లేట్లు చదివే పని చేశాను. ఇలాంటి జత రిపోర్టులు పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు తరచూ కనిపించేవాళ్లు, అందరిదీ మీ సందేహమే. నా లెక్కలో మీ చేతిలో ఉన్న రెండు కాగితాల్లో పనికొచ్చేది 20 వేలదే.

ముందు ఆ అంకె ఎలా వస్తుందో చెప్తాను. యూరిన్‌లో ఒక సన్నటి తీగ ఉంగరం లాంటి లూప్ ముంచి ప్లేటు మీద గీస్తాం. మామూలుగా వాడే లూప్‌లో పట్టేది ఒక ఎంఎల్‌లో వెయ్యో వంతు. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో పెట్టి, మర్నాడు పొద్దున మొలిచిన చుక్కలు (వాటినే కాలనీలు అంటాం) లెక్కపెట్టి వెయ్యితో గుణిస్తాం. అంటే అమ్మగారి రెండో ప్లేటు మీద ఉన్నవి 20 చుక్కలు, మొదటిదాని మీద వందకు పైగా ఉన్నాయన్నమాట. ఎన్ని చుక్కలు అనేది ఈ లెక్క చెప్తుంది గానీ అవి లోపల మూత్రాశయం నుంచి వచ్చాయా, బయట చర్మం మీద నుంచి వచ్చాయా అనేది చెప్పదు. అది తెలియాలంటే ఎన్ని రకాలున్నాయో చూడాలి.

మా పిన్నిది దాదాపు మీ అమ్మగారి కేసే. తెనాలి పక్క ఊళ్లో ఒక కలెక్షన్ సెంటర్‌లో పొద్దున్నే శాంపిల్ ఇచ్చింది, అది గుంటూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది, అదీ మే నెలలో. ప్లేటు మీద మూడు రకాల కాలనీలు, అన్నీ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. మైక్రోస్కోప్ కింద ఎపిథీలియల్ సెల్స్ ఫీల్డ్‌కి 15-20. ఈ కణాలు ఎక్కువగా కనిపిస్తే బయటి చర్మాన్ని, యోనిని కడుక్కుంటూ వచ్చిన యూరిన్ అని అర్థం. అడిగితే సంగతి బయటపడింది, ఇంట్లో మగ్గులో పట్టి డబ్బాలో పోసిందట (ఇది చాలామంది చేస్తారు, ఎవరూ చెప్పరు కాబట్టి). ఇంక ఎండ సంగతి చూడండి. బయటి నుంచి ఒక ఎంఎల్‌కి వెయ్యి బ్యాక్టీరియా పడ్డాయనుకుందాం, అరగంటకోసారి రెట్టింపైనా నాలుగు గంటల్లో రెండున్నర లక్షలవుతాయి. రిపోర్టులో లక్ష దాటిందని కంగారుపడతాం గానీ ఆ లక్ష డబ్బాలోనే పుట్టి ఉండొచ్చు.

మర్నాడు పిన్నిని ల్యాబ్‌కే రమ్మన్నాను. మామూలు నీళ్లతో కడుక్కుని, ముందు వచ్చే యూరిన్ వదిలేసి, మధ్యలోది నేరుగా స్టెరైల్ డబ్బాలో పట్టమని చెప్పి, అరగంటలోపే ప్లేటు వేశాం. ఈసారి చుక్కలు ముప్పై దాకా వచ్చాయి, అన్నీ ఒకే రకం, పసుప్పచ్చగా, చివరికి ఈ.కోలై అని తేలింది. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే చీము కణాలు, అంటే పస్ సెల్స్, ఫీల్డ్‌కి 20 పైన, ఎపిథీలియల్ సెల్స్ ఒకటో రెండో. కౌంట్ లక్ష నుంచి 30 వేలకు దిగింది, అయినా డాక్టర్ ఇన్ఫెక్షన్ అనే చెప్పారు, ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ చూసి మందు రాశారు. మూత్రాశయం ఇన్ఫెక్షన్ చాలావరకు ఒక్క రకం బ్యాక్టీరియాతోనే వస్తుంది, అందుకే మూడు రకాలు కలిసి పెరిగితే ల్యాబ్‌వాళ్లు పేర్లు కూడా రాయకుండా మళ్లీ పంపమంటారు. సోమరితనం కాదది. ఆ మూడింటికీ సెన్సిటివిటీ వేసి ఇస్తే దానికీ ఎవరో ఒకరు మందు వాడేస్తారు. రెండు రకాలే ఉండి వాటిలో ఒకటి బాగా ఎక్కువగా ఉంటే మాత్రం ఎక్కువున్నదాన్ని పట్టించుకుంటాం.

మరి "లక్ష దాటితేనే ఇన్ఫెక్షన్" అనే మాట ఎక్కడిదంటే, 1950ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టర్ పెట్టిన గీత. ఆయన చూసింది కిడ్నీ దాకా ఇన్ఫెక్షన్ పాకిన ఆడవాళ్లను, ఏ బాధా లేని ఆడవాళ్లను. మంటతో వచ్చిన మామూలు కేసుల కోసం వేసిన లెక్క కాదు. 1982లో స్టామ్ అనే డాక్టర్, ఆయనతో పనిచేసినవాళ్లు మంట ఉన్న ఆడవాళ్లలో మూత్రాశయం నుంచి నేరుగా తీసిన యూరిన్‌తో పోల్చి చూస్తే, ఈ.కోలై లాంటివి ఎంఎల్‌కి వంద ఉన్నా నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు చాలామంది తేలారు. మంటతో మాటిమాటికీ వెళ్లేవాళ్లకు బ్యాక్టీరియా లోపల పెరిగేంత సేపు యూరిన్ నిలవదు, కౌంట్ తక్కువ రావచ్చు. ముందే రెండు యాంటీబయాటిక్ మాత్రలు మింగి శాంపిల్ ఇచ్చినా అంతే. పైగా వెయ్యో వంతు లూప్‌తో ఒక్క చుక్క మొలిచినా వెయ్యి కింద లెక్క, వంద అనేది ఆ ప్లేటు మీద కనపడే అవకాశమే తక్కువ. అందుకని మంట ఉండి, పస్ సెల్స్ ఉండి, కల్చర్ "నో గ్రోత్" వచ్చినా డాక్టర్లు ఒక్కోసారి వైద్యం చేస్తారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఏ బాధా లేని మనిషికి హెల్త్ చెకప్‌లో లక్ష ఈ.కోలై వచ్చినా సాధారణంగా మందు అక్కర్లేదు. గర్భిణులకు, యూరిన్ దారిలో రక్తం వచ్చేలాంటి ప్రొసీజర్ చేయించుకోబోయేవాళ్లకు మాత్రం ఇస్తారు.

మిక్స్‌డ్ గ్రోత్ అంతా కల్తీయే అనుకోకండి కూడా. చాలాకాలంగా క్యాథెటర్ ఉన్న పెద్దవాళ్లలో రెండు మూడు రకాలు నిజంగానే ఉంటాయి. అలాంటివాళ్లకు జ్వరమొస్తే పాత పైపు తీసి కొత్తది వేసి దాన్నుంచి శాంపిల్ పట్టాలి, సంచిలోది పంపితే ఆ రిపోర్టుకు విలువ లేదు.

అమ్మగారి విషయంలో చేయాల్సింది, రెండో శాంపిల్‌తో పాటు యూరిన్ మామూలు పరీక్ష కూడా చేశారేమో చూడండి, అందులో పస్ సెల్స్, ఎపిథీలియల్ సెల్స్ లైన్లు రెండూ చదివి కల్చర్ కాగితంతో కలిపి డాక్టర్‌కు చూపించండి. మొదటి రిపోర్టు ఉన్నా దాన్ని బట్టి షాపులో మాత్రలు కొనొద్దు. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు ఏది మొదలైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి. ఇంకోసారి శాంపిల్ ఇవ్వాల్సి వస్తే యాంటీబయాటిక్ మొదలెట్టక ముందే ఇవ్వండి, రెండు గంటల్లో ల్యాబ్‌కి చేర్చలేకపోతే డబ్బా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో కాదు, మర్నాటికి మించి ఉంచకండి. మందుతో మంట తగ్గిపోతే మళ్లీ కల్చర్ చేయించాల్సిన పని సాధారణంగా ఉండదు, "క్లియర్ అయిందో లేదో చూద్దాం" అని ఎవరన్నా చెప్పినా ఆ డబ్బులు మిగుల్చుకోండి.