క్రాన్ లైను చదవడం: తేదీ, వారం కలిసినప్పుడు

ప్రశ్న: నెలలో మొదటి సోమవారం మాత్రమే నడవాలని కింది లైను రాశాను. ప్రతి సోమవారం ఎందుకు నడుస్తోంది?

```
*/20 9 1-7 * 1 /opt/report.sh
```

ఎడమ నుంచి చదవండి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. వారంలో 0 అంటే ఆదివారం, 1 సోమవారం.

`*/20` వల్ల 9:00, 9:20, 9:40కి, అంటే మూడుసార్లు నడుస్తుంది. ఈ లెక్క ప్రతి గంటా సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. అందుకే `*/40` అని రాస్తే 40 నిమిషాలకోసారి కాదు, గంటలో 0, 40 నిమిషాల దగ్గర నడుస్తుంది. చాలామంది ఇక్కడ పొరబడతారు.

ఇక అసలు చిక్కు. మామూలుగా అన్ని గడులూ కలిస్తేనే పని నడుస్తుంది. కానీ తేదీ, వారం రెండింటికీ విలువలిస్తే, ఏ ఒక్కటి కలిసినా చాలు. అందుకే మీది 1 నుంచి 7 వరకు రోజూ, పైగా ప్రతి సోమవారమూ నడుస్తోంది. వారం గడిలో నక్షత్రం పెట్టి, సోమవారమా కాదా అన్నది కమాండులో చూడండి:

```
0 9 1-7 * * [ "$(date +\%u)" = 1 ] && /opt/report.sh
```

రోజుకు ఒక్కసారి చాలనుకుని నిమిషం 0 చేశాను. అక్కడ `*` పెడితే తొమ్మిదింటి నుంచి నిమిషానికొకటి చొప్పున 60 సార్లు నడుస్తుంది. `%` ముందున్న `\` తీసేయకండి. అది లేకపోతే క్రాన్ కమాండును అక్కడికే తెంచేస్తుంది.