బూలియన్‌తో కోశాక బెవెల్ ఎందుకు మొరాయిస్తుంది?

"సర్, బ్లెండర్‌లో చిన్న సర్క్యూట్ బోర్డుకి 80×50×25 మి.మీ. డబ్బా గీస్తున్నాను, 3డీ ప్రింట్ కోసం. కన్నాలన్నీ బూలియన్‌తో కోశాక చివర్లో బెవెల్ పెడితే విలువ ఎంత పెంచినా అంచు కదలట్లేదు. పైగా స్లైసర్ 128 నాన్-మానిఫోల్డ్ ఎడ్జ్‌లున్నాయంటోంది. బూలియన్ అసలు వాడకూడదా? ఫిల్లెట్ చేయడానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలా? ఫైల్ పంపిస్తున్నాను." – ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

బూలియన్, అంటే ఒక ఆకారంతో ఇంకోదాన్ని కోయడమో కలపడమో, నిక్షేపంగా వాడొచ్చు. ఫైల్ తెరిచి చూశాను. ఇందులో రెండు వేర్వేరు గొడవలున్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు, కాబట్టి విడివిడిగానే చూద్దాం.

ముందు ఆ 128 నాన్-మానిఫోల్డ్ ఎడ్జ్‌ల సంగతి. మూసి ఉన్న మెష్‌లో ప్రతి ఎడ్జ్‌కీ సరిగ్గా రెండే ఫేస్‌లు అంటుకుని ఉండాలి. ఒక్కటే ఉంటే అక్కడ చిల్లు ఉన్నట్టు, మూడో నాలుగో ఉంటే లోపల అనవసరమైన గోడ ఏదో మిగిలిపోయినట్టు. 128ని 32తో భాగిస్తే 4 వస్తుంది. బ్లెండర్‌లో కొత్త సిలిండర్ పెడితే మామూలుగా 32 వెర్టెక్స్‌లతో వస్తుంది, మీ డబ్బాలో స్క్రూ స్తంభాలు నాలుగు. అనుమానం వచ్చి కట్టర్‌గా వాడిన సిలిండర్లు చూస్తే వాటికి అడుగు మూత లేదు, ఎప్పుడో డిలీట్ అయిపోయింది. కన్నం ఇటు నుంచి అటు వెళ్లేదైతే ఇది బయటపడేదే కాదేమో, కానీ మీ స్క్రూ కన్నం 6 మి.మీ. లోతులో ఆగిపోతుంది, ఆ అడుగు ఫేస్ కట్టర్ నుంచే రావాలి. కట్టర్‌కే లేకపోతే కన్నానికి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎడిట్ మోడ్‌లో ఆ చుట్టూ ఉన్న ఎడ్జ్‌లు ఎంచుకుని `F` నొక్కితే మూత పడుతుంది. ఆ తర్వాత మొత్తం ఎంచుకుని `Shift+N` కొట్టండి, నార్మల్స్ అన్నీ బయటికి తిరుగుతాయి. ఓవర్‌లేలో `Face Orientation` పెట్టి చూస్తే బయట ఎక్కడా ఎరుపు కనబడకూడదు, కనబడితే ఆ ఫేస్ లోపలికి తిరిగి ఉన్నట్టు, దానితో కోస్తే ఫలితం తలకిందులవుతుంది.

స్తంభాల్ని డబ్బాతో `Ctrl+J` కొట్టి కలిపారు. అది కలపడం కాదు, రెండు మెష్‌లనీ ఒకే ఆబ్జెక్ట్ పేరు కింద పెట్టడం, అంతే. స్తంభం అడుగు ఫేస్, డబ్బా నేల ఫేస్ రెండూ ఒకదాని మీద ఒకటి అలాగే ఉన్నాయి. స్తంభాన్ని నేలలోకి ఒక 1 మి.మీ. దించి బూలియన్ `Union` చేయండి. ఎందుకు దించమంటున్నానంటే, రెండు ఫేస్‌లు ఒకే తలంలో ఉన్నప్పుడు ఏది లోపల, ఏది బయట అని తేల్చడం బూలియన్ లెక్క చేసే సాల్వర్‌కి కష్టం. మీరు ఎంచుకున్న `Fast` సాల్వర్, కొత్త వెర్షన్లలో దీని పేరు `Float`, ఇక్కడే తప్పుతుంది. 2.91లో వచ్చిన `Exact` ఇలాంటివాటిని బాగానే పరిష్కరిస్తుంది, కానీ అది కూడా ఫేస్‌లు నిజంగా ఒకే తలంలో ఉంటేనే. చేత్తో జరిపి "సరిపోయిందిలే" అనుకున్న చోట రెండింటి మధ్యా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అప్పుడు కంటికి కనబడని పలచని పొర ఒకటి మిగిలిపోతుంది, అది చెల్లుబాటయ్యే జ్యామితే కాబట్టి సాల్వర్ ఏమీ అనదు. అందుకే గోడ మందం 3 మి.మీ. అయితే కట్టర్ 3 మి.మీ. పెట్టకండి, 5 పెట్టి రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు బయటికి పొడుచుకొచ్చేలా ఉంచండి.

4.5 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉంటే `Manifold` అనే మూడో సాల్వర్ కూడా దొరుకుతుంది. వేగం సంగతి అలా ఉంచితే నాకు అందులో నచ్చేది దాని మొండితనం, మూత లేని మెష్ ఇస్తే కోయనే కోయదు, ఎర్రర్ చూపిస్తుంది. మీ స్క్రూ సిలిండర్ల విషయం మొదటి రోజే తెలిసిపోయేది.

ఇప్పుడు అసలు గొడవ, కదలని బెవెల్. డబ్బా నిలువు మూలల్ని ముందే 4 మి.మీ. గుండ్రం చేశారు, 8 సెగ్మెంట్లతో. బాగుంది. తర్వాత 13×7 మి.మీ. యూఎస్‌బీ కన్నం కోశారు. ఆ కన్నం పక్క అంచు డబ్బా మూల నుంచి 3.9 మి.మీ. దగ్గర పడింది. కానీ గోడ చదునైన భాగం మొదలయ్యేది 4 దగ్గర. అంటే కన్నం 0.1 మి.మీ. మేర వంపులోకి వెళ్లింది. వంపు, చదును కలిసే నిలువు గీత కన్నం పై అంచునీ, కింద అంచునీ కోసేసింది, దాంతో ఒక్కోచోట 0.1 మి.మీ. పొడవున్న బుల్లి ఎడ్జ్ పుట్టింది. చూపుకి అదేం కనబడదు, జూమ్ చేసినా వెతుక్కోవాలి.

బెవెల్ మోడిఫయర్‌లో `Clamp Overlap` అని ఒకటి మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. ఒక ఎడ్జ్ బెవెల్ పక్కదాని మీదికి ఎక్కకుండా చూడటం దాని పని. చిక్కేమిటంటే అది ఆ ఒక్క ఎడ్జ్‌ని ఆపి ఊరుకోదు, అతి చిన్న చోటు ఎంతవరకు ఒప్పుకుంటే మొత్తం మోడల్‌కీ అంతే వెడల్పు ఇస్తుంది. మీరు 1 మి.మీ. అడిగినా, 5 అడిగినా మూలనున్న ఆ 0.1 మి.మీ. ముక్క మిగతా అంచులన్నిటినీ పట్టి ఉంచింది. ఇలా ఎప్పుడు జరిగినా ఆ టిక్ తీసి చూడండి, ఎక్కడైతే ఫేస్‌లు నక్షత్రంలా పొడుచుకొస్తాయో, ముడుచుకుంటాయో అక్కడే చిన్న ఎడ్జ్ ఉన్నట్టు. చూసి మళ్లీ టిక్ పెట్టేయండి. టిక్ తీసేసి అలాగే వదిలేయమని కొన్ని వీడియోల్లో చెబుతుంటారు, బొమ్మ రెండర్ వరకైతే గడిచిపోతుందేమో గానీ ప్రింట్‌కి పంపే మోడల్‌లో అది ఒకదాన్నొకటి దాటుకున్న ఫేస్‌లనే మిగులుస్తుంది.

మీ డబ్బాకి నేనైతే ఇలా చేస్తాను. కన్నం ఎక్కడుండాలో బోర్డు నిర్ణయిస్తుంది కాబట్టి దాన్ని కదపలేం, మూలనే మార్చాలి. బయటి మూల వ్యాసార్థం 4 నుంచి 2కి తగ్గిస్తే చదును 2 దగ్గరే మొదలవుతుంది, 3.9 దగ్గరున్న కన్నం హాయిగా చదునులో పడుతుంది. డబ్బా లోపలి ఖాళీ కూడా బూలియన్‌తోనే తొలుస్తున్నారు కదా, ఆ లోపలి మూలల గుండ్రాన్ని డబ్బాలో చేయకండి, తొలిచే కట్టర్‌కే చేయండి. 74×44 మి.మీ. కట్టర్ అంచులన్నిటికీ 0.5 మి.మీ. బెవెల్, 3 సెగ్మెంట్లు. కట్టర్ మీద బయటికి ఉబ్బిన గుండ్రమే డబ్బాలో లోపలి మూలల ఫిల్లెట్‌గా దిగుతుంది, నేలా గోడా కలిసే చోట కూడా. కట్టర్‌ని నేల మందం వదిలి 3 మి.మీ. ఎత్తు నుంచి 28 వరకు పెట్టండి. డబ్బా 25 దగ్గరే అయిపోతుంది కాబట్టి కట్టర్ పైఅంచు గుండ్రం గాల్లో ఉండిపోతుంది, డబ్బాని తాకదు.

ఇక కన్నం మూతి అంచు. బూలియన్ తర్వాతే పుట్టే అంచు ఇదొక్కటే, అందుకే అందరూ చివర్లో ఇంకో బెవెల్ మోడిఫయర్ తగిలిస్తారు. దాని అవసరం లేదు. డబ్బా మధ్యబిందువు సున్నా దగ్గరుంటే గోడ బయటి ముఖం ఎక్స్ అక్షం మీద 40 దగ్గర, లోపలి ముఖం 37 దగ్గర ఉంటుంది. కట్టర్‌ని 36 నుంచి 41 వరకు పెట్టి, 39 దగ్గర ఒక లూప్ కట్ వేయండి. 41 దగ్గరున్న చివరి ఫేస్‌ని నాలుగు వైపులా 2 మి.మీ. చొప్పున పెంచండి, అంటే 13×7 కాస్తా 17×11 అవుతుంది. 39కీ 41కీ మధ్య అది 45 డిగ్రీల వాలు, గోడ ముఖం సరిగ్గా మధ్యలో 40 దగ్గర తగులుతుంది కాబట్టి అక్కడ మూతి 15×9, చుట్టూ 1 మి.మీ. ఏటవాలు అంచు, అంటే చాంఫర్. ఒక్క కోతతో కన్నమూ, దాని చాంఫరూ రెండూ వచ్చేశాయి, బెవెల్ విఫలమయ్యే ప్రసక్తే లేదు. చాంఫర్ అంచు ఇప్పుడు మూల నుంచి 2.9 దగ్గరుంటుంది, చదునులోనే ఉంది, చూసుకున్నాను.

ఒక జాగ్రత్త. ఆబ్జెక్ట్ మోడ్‌లో `S` కొట్టి పెద్దది చేసిన డబ్బాలకి బెవెల్ పెట్టేముందు `Ctrl+A` నొక్కి `Scale` అప్లై చేయాలి, లేకపోతే ఒక వైపు 2, ఇంకో వైపు 3.2 లాగా వంకరగా వస్తుంది. మీ మూత ఆబ్జెక్ట్‌లో అదే అయింది.

డబ్బా అడుగు బయటి అంచుకి మాత్రం గుండ్రం వద్దు, 1 మి.మీ. చాంఫర్ చాలు, బెవెల్‌లో సెగ్మెంట్ ఒకటే పెడితే అదే వస్తుంది. ప్రింటర్ బెడ్ మీద గుండ్రం అంచు మొదటి పొరల్లో దాదాపు అడ్డంగా బయటికి సాగుతుంది, కింద ఆధారం ఉండదు, గరుకుగా వస్తుంది. 45 డిగ్రీలైతే సపోర్ట్ లేకుండానే నిలబడుతుంది.

వేరే సాఫ్ట్‌వేర్ అంటారా, ఈ డబ్బాకి అక్కర్లేదు. ఒక పైపు ఇంకో పైపులోకి ఏటవాలుగా దూరే చోట, ఆ వంకర అతుకు పొడవునా ఒకే వ్యాసార్థంతో గుండ్రం కావాలంటే మాత్రం మెష్‌తో కుస్తీ పట్టకండి, ఫ్రీక్యాడ్ లాంటిదాంట్లో గీయండి. దానికి సిలిండర్ అంటే 32 పలకలు కాదు, నిజమైన వంపే, కాబట్టి బుల్లి ఎడ్జ్‌ల బెడద దాదాపు ఉండదు. కొలతలు తరచూ మారేవైతే కూడా అదే మేలు. అక్కడా ఫిల్లెట్‌కి హద్దుంది, 3 మి.మీ. గోడ పైఅంచుకి రెండు వైపులా 1.5 చొప్పున అడిగితే మధ్యలో ఫేస్ సున్నా అయిపోయి చాలాసార్లు ఫెయిలవుతుంది, 1.4 ఇస్తే వస్తుంది. అలాగే ఫిల్లెట్లన్నీ చివర్లో పెట్టుకోండి, మెష్‌లో చెప్పినదానికి ఇది సరిగ్గా రివర్స్. ముందే పెడితే స్కెచ్ మార్చినప్పుడు అవి పట్టుకున్న అంచులు తప్పిపోతాయి.

మార్పులన్నీ చేశాక బూలియన్లని అప్లై చేసేయకండి, కట్టర్లని ఒక కలెక్షన్‌లో పెట్టి దాచండి, ఎక్స్‌పోర్ట్ అప్పుడు `Apply Modifiers` టిక్ ఉంటే చాలు. పంపేముందు ఒక కాపీ మీద మాత్రం అప్లై చేసి, ఎడిట్ మోడ్‌లో వెర్టెక్స్ సెలెక్షన్ పెట్టుకుని `Select > All by Trait > Non Manifold` నొక్కండి. ఏమీ వెలగకపోతే స్లైసర్‌కి పంపండి. ఏదైనా వెలిగితే `Merge by Distance` దూరం పెంచుకుంటూ పోయి మాయం చేయకండి, ఆ చోటికి జూమ్ చేసి ఏ కట్టర్ తాలూకో చూసి, ఆ కట్టర్‌నే సరిచేయండి.